పది స్టెప్పుల నుంచి నాలుగింటికి: మా చెల్లె స్కిన్‌కేర్ షెల్ఫ్ డైరీ

ఏప్రిల్ మూడో వారం: అన్నీ బయట పెట్టాం

మా చెల్లె కొరియన్ పద్ధతిలో పది స్టెప్పుల స్కిన్‌కేర్ చేస్తుంది. ఈ మధ్య మొహానికి ఏం రాసినా చురుక్కుమంటోంది. జీతంలో పెద్ద వాటా కూడా ఈ సీసాలకే పోతోంది. "అక్కా, వీటిల్ల ఏది అవసరమో, ఏది కాదో నువ్వే జూసి చెప్పు" అని తనే అడిగింది. నేను ఫార్మసీ చదివి హన్మకొండలో మెడికల్ షాపులో పని చేస్తున్నాను. లేబుళ్లు చదవడం నాకు రోజూ ఉండే పనే. నోటిమాటగా ఏదో చెప్పి వదిలేసే బదులు, ఇద్దరం కలిసి ఒక్కొక్కటీ పరీక్షించి రాసుకుంటే ఆ తీసివేత నిలబడుతుంది అనిపించింది.

షెల్ఫ్ మీద ఉన్నవన్నీ మంచం మీద పరిచాం. నూనె క్లెన్సర్, నురగ ఫేస్‌వాష్, చర్మం పైపొర తీసేవి (ఒక గరుకు స్క్రబ్, ఒక గ్లైకాలిక్ యాసిడ్ ద్రవం), టోనర్, ఎసెన్స్, సీరమ్, షీట్ మాస్కులు, కంటి క్రీమ్, మాయిశ్చరైజర్. పదో స్టెప్పు పొద్దున అయితే సన్‌స్క్రీన్, రాత్రి అయితే స్లీపింగ్ ప్యాక్.

స్టెప్పు నంబరు పక్కన పెట్టి, ప్రతి సీసాకూ ఒకటే ప్రశ్న వేశాం: ఇది చర్మానికి ఏ పని చేస్తుంది? పనులు చూస్తే నాలుగే ఉన్నాయి. కడగడం, తేమ నిలపడం, ఎండ నుంచి కాపాడటం, ఏదైనా ఒక సమస్యకు మందు వేయడం. సీసాలను ఆ నాలుగు కుప్పలుగా సర్దితే తేమ కుప్పే కొండంత అయింది. టోనర్, ఎసెన్స్, సీరమ్, మాస్కు, కంటి క్రీమ్, మాయిశ్చరైజర్, స్లీపింగ్ ప్యాక్ అన్నీ అక్కడికే చేరాయి. ఎండ కుప్పలో మాత్రం ఒకే ఒక్క ట్యూబు. వరంగల్‌లో మే నెల ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి షెల్ఫ్ ఇది. ఏది తగ్గించాలో, ఏది పెంచాలో సగం అక్కడే తెలిసిపోయింది.

అదే వారం: లేబుళ్ల పని

తేమ కుప్పలోని సీసాలన్నీ వరుసగా పెట్టి, వెనక పదార్థాల పట్టిక చదివాం. ఈ పట్టికలో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత వస్తుంది. ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం కంపెనీ తనకు నచ్చిన వరుసలో రాసుకోవచ్చు. మరి ఆ ఒక శాతం గీత ఎక్కడ పడుతుందో ఎలా తెలుస్తుంది? ఫినాక్సీఇథనాల్ అనే పేరు వెతకాలి. అది క్రీములు పాడవకుండా వేసేది, గరిష్ఠంగా ఒక శాతమే వాడతారు. కాబట్టి పట్టికలో దాని తర్వాత వచ్చే పేర్లన్నీ దాదాపుగా ఒక శాతం లోపువే.

చెల్లె దగ్గరున్న టోనర్‌లో, ఎసెన్స్‌లో, సీరమ్‌లో మొదటి నాలుగు పేర్లు ఇంచుమించు అవే: నీళ్లు, బ్యూటిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నియాసినమైడ్. వరుస ఒకటి రెండు చోట్ల అటూ ఇటూ అయింది, అంతే. ఎసెన్స్ సీసా ముందువైపు పెద్ద అక్షరాల్లో రాసిన మొక్క సారం వెనక పట్టికలో ఫినాక్సీఇథనాల్ దాటాక ఎక్కడో కింద ఉంది. కంటి క్రీమ్ పట్టికేమో మాయిశ్చరైజర్ పట్టికకు బాగా దగ్గరగా ఉంది. అది పదిహేను మిల్లీలీటర్ల బుడ్డి, ఇది వంద గ్రాముల డబ్బా. మిల్లీలీటరు లెక్కన చూస్తే కంటి క్రీమ్‌కు తను ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టింది.

ఈ గీతకు ఒక హద్దు ఉంది. ఒక శాతం లోపు ఉన్నంత మాత్రాన పదార్థం దండగ అనలేం. రెటినాల్, హైలురోనిక్ యాసిడ్ లాంటివి అంతకంటే తక్కువలోనే పని చేస్తాయి. ఇంకో మెలిక కూడా ఉంది. "డెబ్బై శాతం సారం" అని రాసి ఉంటే ఆ సారంలోనే ఎక్కువ భాగం నీళ్లు ఉండొచ్చు. అందుకే లేబుల్ చూసి అనుమానితుల జాబితా రాసుకోవాలే గానీ తీర్పు చెప్పకూడదు. తీర్పు చర్మం మీదే తేలాలి.

నియాసినమైడ్ గురించి ఒక మాట. ఇది మంచి పదార్థమే. రెండు నుంచి ఐదు శాతం మధ్య మచ్చలకు, జిడ్డుకు పనికొస్తుంది. కానీ చెల్లె టోనర్‌లో ఉంది, ఎసెన్స్‌లో ఉంది, పది శాతం సీరమ్‌లో ఉంది, మాయిశ్చరైజర్‌లోనూ ఉంది. ఒకే పదార్థాన్ని పొర మీద పొర వేసి రాస్తే ఫలితం నాలుగింతలు కాదు. కొందరికి ఎర్రబడటం, చురుక్కుమనడం మాత్రం పెరుగుతుంది.

సీసాల మధ్యలో ఇంకొక చిన్న ట్యూబు దొరికింది. మా చిన్నమ్మ వాడేదట, మొహం తెల్లగా అవుతుందని ఎవరో చెబితే తెచ్చుకుందట. వెనక చూస్తే మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్. ఇది స్కిన్‌కేర్ కాదు, స్టెరాయిడ్ కలిసిన మందు. 2018లో కేంద్రం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, ఎండకు మంటలేస్తాయి. మిగతా సీసాలన్నీ ఇవాళే ఆపేయొచ్చు, ఈ ఒక్కటి మాత్రం చాలాకాలంగా వాడుతుంటే టక్కున ఆపితే మొహం ఎర్రగా పొంగి, పొక్కులు లేవొచ్చు. "చిన్నమ్మా, దీన్ని ఊకె ఆపకు, ముందు స్కిన్ డాక్టర్‌కు చూపిద్దాం" అని ఒప్పించాను. ఆవిడ విషయం ఈ డైరీలోది కాదు, డాక్టరు చూసుకుంటున్నారు.

ఏప్రిల్ ఆఖరు: సన్‌స్క్రీన్ తూకం

"సన్‌స్క్రీన్ రోజూ రాస్తా" అంది చెల్లె. రాస్తుంది, నిజమే. కానీ యాభై గ్రాముల ట్యూబు ఆ వేసవి మొదట్లో కొన్నది కాదు, పోయిన చలికాలంలోది. అక్కడే అనుమానం వచ్చింది.

ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పడానికి లేబుల్ మీద ఎస్‌పీఎఫ్ 50 అని ఉండే నంబరును చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలుస్తారు. మొహానికి, మెడకు కలిపి చూస్తే అది ఒక గ్రాము, ఇంకాస్త. చేతి మీద కొలత చెప్పాలంటే చూపుడు వేలు, నడిమి వేలు మొదటి నుంచి చివరి దాకా రెండు గీతలు. ఈ లెక్కన రోజుకొకసారి రాసినా యాభై గ్రాముల ట్యూబు నెలన్నరకు అయిపోవాలి.

బంగారం తూచే చిన్న త్రాసు తెచ్చి ట్యూబు బరువు రాసుకున్నాం. వారం తర్వాత మళ్లీ తూచాం. ఏడెనిమిది గ్రాములు తగ్గాల్సింది రెండు గ్రాములే తగ్గింది. అంటే కావాల్సిన దాంట్లో పావు వంతు రాస్తోంది. అలాంటప్పుడు ట్యూబు మీదున్న నంబరు మొహానికి దక్కదు. ఎందుకు అంత పొదుపు అని అడిగితే వచ్చిన జవాబు ఈ ప్రాజెక్టుకే కీలకం అయింది: "కింద ఇన్ని పొరలు రాసినంక అది మీద నిలుస్తలేదక్కా, ఉండలు ఉండలుగా లేస్తది. పైసలు గూడ ఎక్కువైతయని జర్రంత రాస్త."

ఉండలు లేవడానికి కారణం ఉంది. కింది పొరలు ఆరకముందే పై పొర రుద్దినా, జిగురు పదార్థాలు, సిలికాన్లు పొరల మీద పొరలుగా చేరినా, రబ్బరు పొట్టులా చిన్న చిన్న తునకలు వస్తాయి. ఆ తునకలతో పాటు సన్‌స్క్రీన్ కూడా లేచిపోతుంది. తేమ కుప్పలోని సీసాలు డబ్బును మాత్రమే కాదు, అసలు పనికొచ్చే పొరను కూడా తినేస్తున్నాయన్నమాట.

ఇంకొకటి కూడా గమనించాం. చెల్లె కాజీపేట దాకా స్కూటీ మీద వెళ్తుంది, మొహానికి చున్నీ చుట్టుకుంటుంది. సన్‌స్క్రీన్ రాసిన వెంటనే చున్నీ చుడితే లోపలి వైపు తెల్లటి చార పడుతోంది. రాసిన తర్వాత పది పదిహేను నిమిషాలు ఆగి చుట్టుకోమన్నాను. చార తగ్గింది. ఒత్తుగా నేసిన ముదురు రంగు కాటన్ చున్నీ స్వయంగా ఎండను బాగానే ఆపుతుంది. సన్నటి షిఫాన్‌ను నమ్ముకోలేం.

మే నెల: మూడే మూడు

ఒక్కొక్కటి తీసేస్తూ పోతే, చర్మం అప్పటికే రేగి ఉంది కాబట్టి ఏది తీయడం వల్ల ఏం మారిందో తెలియదు. అందుకే తిరగేసి చేశాం. అన్నీ ఆపేసి, కొన్నాళ్లు మూడింటితోనే ఉండి, చర్మం నెమ్మదించాక ఒక్కొక్కటి తిరిగి తెచ్చాం.

పొద్దున మామూలు నీళ్లతో కడుక్కోవడం, మాయిశ్చరైజర్, రెండు వేళ్ల సన్‌స్క్రీన్. రాత్రి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్. అంతే. మాయిశ్చరైజర్‌ను మొహం తుడుచుకోకుండా కొంచెం తడి ఉండగానే రాయమన్నాను. టోనర్ చేసే ప్రధానమైన పని ఆ తడే చేసేస్తుంది.

ఫేస్‌వాష్ కూడా మార్చాల్సి వచ్చింది. పాతదానితో కడిగితే కాసేపటికి బుగ్గలు బిగుసుకుపోయి, నవ్వితే లాగినట్టు ఉండేది. మా ఇంట్లో బోరునీళ్లు, బకెట్ అంచుకు తెల్లటి పొర కడుతుంది. ఇలాంటి నీళ్లలో మామూలు సబ్బు వాడితే నీళ్లలోని కాల్షియంతో కలిసి తెట్టులా మారి చర్మాన్నే అంటుకుంటుంది. పైగా సబ్బు క్షారం, పీహెచ్ తొమ్మిది పది మధ్య ఉంటుంది. చర్మం పైపొర ఐదు చుట్టుపక్కల ఉంటుంది. సబ్బు కాని, నురగ తక్కువ వచ్చే, వాసన లేని జెల్ ఒకటి తెచ్చాం. మంచిదో కాదో తెలుసుకోవడానికి పరీక్ష చాలా తేలిక: కడిగి, ఏమీ రాయకుండా పావుగంట ఆగాలి. బిగుసుకోకపోతే అది పనికొచ్చేదే.

మొదటి రోజుల్లో చెల్లెకు టెన్షన్. "మొహం ఎండిపోయినట్టుంది, ఎసెన్స్ ఒక్కటన్నా రాసుకుంటనే" అని బతిమాలింది. ఆగమన్నాను. చర్మం రక్షణపొర దెబ్బతింటే కనిపించే గుర్తులు తన మొహం మీదే ఉన్నాయి: ఏ మందూ లేని సాదా మాయిశ్చరైజర్ రాసినా చురుక్కుమనడం, బుగ్గల మీద ఒకరకమైన బిగువు మెరుపు, ముక్కు పక్కన ఎరుపు. నెల సగం దాటేసరికి చురుక్కుమనడం ఆగింది. ఆ మెరుపు పోవడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది.

ఇక్కడ స్క్రబ్, గ్లైకాలిక్ ద్రవం గురించి తేలిపోయింది. చెల్లె అసలు బాధ మొటిమలు తగ్గాక మిగిలే గోధుమ రంగు మచ్చలు. మన చర్మపు రంగు ఉన్నవాళ్లకు చిన్న వాపు, రాపిడి కూడా మచ్చగా మిగలొచ్చు. మచ్చలు పోవాలని రుద్దితే ఆ రుద్దుడే కొత్త మచ్చలకు దారి తీస్తుంది. స్క్రబ్ పారేశాం. గ్లైకాలిక్ ద్రవాన్ని మోచేతులకు, మడమలకు కేటాయించాం, అక్కడ అది చక్కగా పని చేస్తోంది.

జూన్: సగం మొహం పరీక్ష

వానలు మొదలై గాలిలో తేమ పెరిగింది. ఇలాంటప్పుడు మొహం మెత్తబడితే అది సీసా గొప్పా, వాతావరణం గొప్పా తెలియదు. అందుకే సగం మొహం పద్ధతి. ఒక సీసాను ఎడమ బుగ్గకే రాయాలి, కుడి బుగ్గకు మామూలు మూడే. ఎండైనా వానైనా రెండు బుగ్గలకూ ఒకటే కదా. చెల్లె ఎడమ వైపు తిరిగి పడుకుంటుంది కాబట్టి, దిండు రాపిడి లెక్క చెడగొట్టకుండా మధ్యలో బుగ్గలు మార్చాం. ఫొటోలు ఒకే కిటికీ దగ్గర, పొద్దున పూట, ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేసి.

ముందు ఎసెన్స్. రాసిన గంట దాకా ఆ బుగ్గ మెత్తగా అనిపించింది, మధ్యాహ్నానికి తేడా లేదు. ఎటువైపు రాశామో చెప్పకుండా అమ్మకు చూపించాం. కళ్లద్దాలు పెట్టుకుని అటూ ఇటూ చూసి, "రెండు దిక్కుల ఒక్క తీరుగనే ఉన్నది గదనే" అంది. ఎసెన్స్ పోయింది. టోనర్‌కూ అదే ఫలితం. కంటి క్రీమ్‌ను ఒక కంటికి, మాయిశ్చరైజర్‌ను ఇంకో కంటికి రాసి చూశాం, తేడా ఏమీ దొరకలేదు.

పది శాతం సీరమ్ విషయంలో తేడా కనిపించింది, కానీ చెడువైపు. రాసిన బుగ్గ కొద్దిగా ఎర్రబడి, చిరచిరలాడింది. బుగ్గ మార్చితే ఎరుపూ అటు మారింది. అలా మారడమే రుజువు. మాయిశ్చరైజర్ పట్టికలో నియాసినమైడ్ నాలుగో పేరుగా, ఫినాక్సీఇథనాల్‌కు చాలా ముందే ఉంది కాబట్టి ఆ పదార్థాన్ని పూర్తిగా వదులుకున్నట్టు కూడా కాదు.

షీట్ మాస్కుల మీద ఎక్కువ పరీక్ష చేయలేదు. తెల్లారేసరికి ఆ మెరుపు ఉండదని చెల్లెకే తెలుసు. పెళ్లి ముందు రోజు వేసుకోవడానికి ఉన్నవి ఉంచుకుంది, కొత్తవి కొనదు.

నూనె క్లెన్సర్‌కు వేరే పరీక్ష. రాత్రి జెల్‌తో కడిగాక బుగ్గ మీద నీళ్లు చల్లాలి. నీళ్లు పలచగా పరుచుకుంటే శుభ్రం అయినట్టు, బొట్లు బొట్లుగా నిలిస్తే సన్‌స్క్రీన్ ఇంకా ఉన్నట్టు. చెల్లె వాడేది వాటర్‌ప్రూఫ్ రకం కాదు, ఒక్క కడుగుడుకే పోతోంది. వాటర్‌ప్రూఫ్ సన్‌స్క్రీనో, గట్టి మేకప్పో వేసుకునేవాళ్లకు మాత్రం ఈ స్టెప్పు తీసేయమని చెప్పను.

జూలై: నాలుగో చోటు

చర్మం నెమ్మదించాకే మందు చోటు నింపాం. స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్తే మొటిమలకు, మచ్చలకు కలిపి అడాపలీన్ 0.1 శాతం జెల్ రాశారు. మొదట వారానికి మూడు రాత్రులు, బఠానీ గింజంత, మొటిమ మీద చుక్కగా కాకుండా మొహమంతా పలచగా. కొన్ని వారాలు పొడిబారి పొట్టు లేవొచ్చని, ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుందని, గర్భం ప్లాన్ చేసుకుంటే ముందే ఆపాలని చెప్పారు. పాత పది స్టెప్పుల మీద దీన్ని వేసి ఉంటే, యాసిడ్, స్క్రబ్, సీరమ్‌తో కలిసి మొహం మండిపోయేది, తప్పు మాత్రం ఈ మందు మీదికి వెళ్లేది.

ముక్కు పక్కల, పెదాల మూలల్లో ముందు కొంచెం మాయిశ్చరైజర్ రాసి ఆ తర్వాత మందు రాస్తోంది. పొట్టు అక్కడే ఎక్కువ లేస్తుంది.

ఆగస్టు: షెల్ఫ్, ఖర్చు

బాత్రూమ్‌లో ఉన్న షెల్ఫ్ ఖాళీ చేశాం. వేడి, ఆవిరి రెండూ క్రీములకు పడవు. పడకగదిలో కిటికీకి దూరంగా ఉన్న అల్మారలో ఒక స్టీలు ట్రే పెట్టాం. ప్రతి డబ్బా మీద తెరిచిన తేదీ మార్కర్‌తో రాశాం. డబ్బా వెనక మూత తెరిచిన చిన్న బుడ్డి బొమ్మలో 12ఎమ్ అని ఉంటే తెరిచాక పన్నెండు నెలలు అని అర్థం. మూలన ఉన్న విటమిన్ సి సీరమ్ లేత పసుపు నుంచి టీ రంగుకు మారిపోయింది, అది పారేయాల్సిందే.

స్కూటీ డిక్కీలో మే నెలంతా ఉన్న సన్‌స్క్రీన్ ట్యూబును గాజు పలక మీద పిండి చూశాం. ముందు నీళ్లలాంటి చుక్క, తర్వాత రవ్వరవ్వగా క్రీము వచ్చాయి. అలా విడిపోతే ఎండను ఆపే పదార్థం అంతటా సమంగా ఉండదు. దాన్ని కూడా తీసేశాం. ఇప్పుడు మధ్యాహ్నం బయటికి వెళ్లే రోజు చిన్న ట్యూబు హ్యాండ్‌బ్యాగులో తీసుకెళ్లి, రెండు గంటలకోసారి మళ్లీ రాస్తుంది.

మేం కొన్న ధరల్లో నెల ఖర్చు ఇలా తేలింది. ఫేస్‌వాష్ వంద మిల్లీలీటర్లు ₹250, రాత్రి ఒక్కపూటే కాబట్టి రెండు నెలలు దాటి వస్తుంది. మాయిశ్చరైజర్ వంద గ్రాములు ₹350, దాదాపు యాభై రోజులు. సన్‌స్క్రీన్ ₹450, రెండోసారి రాసే రోజులతో కలిపి నెలకొకటి. మందు ట్యూబు నెలలకు నెలలు వస్తుంది. అన్నీ కలిపి నెలకు ₹830 దగ్గర, అందులో సగానికి పైగా సన్‌స్క్రీన్‌కే. నాకు నచ్చిన లెక్క ఇదే. తేమ కుప్ప మీద పోయే డబ్బు ఎండ కుప్పలోకి మళ్లింది, తూకం వేస్తే ట్యూబు ఇప్పుడు వారానికి ఎనిమిది గ్రాములు తగ్గుతోంది.

కొనడానికి ఒకటే నియమం పెట్టుకున్నాం: ట్యూబు కింది నుంచి మడత పెట్టే దాకా వస్తేనే తర్వాతిది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నా ఆగాలి, ఎందుకంటే రెండోది తెరిచేలోపు రుతువు మారుతుంది, చర్మం అవసరమూ మారుతుంది.

వచ్చే నెల కొనేది లేత రంగు కలిసిన సన్‌స్క్రీన్. అందులో రంగు కోసం వేసే ఐరన్ ఆక్సైడ్, మామూలు సన్‌స్క్రీన్ ఆపలేని కంటికి కనిపించే వెలుతురును కూడా కొంత ఆపుతుంది. చెల్లె మచ్చల్లాంటి వాటిని ఆ వెలుతురు కూడా ముదురు చేస్తుంది. హన్మకొండ చౌరస్తాలో షాపు లైటు కింద కాకుండా, శాంపిల్‌ను దవడ మీద రాసుకుని బయట పగటి వెలుతురులో చూసి, రంగు కలిస్తేనే ట్యూబు తీసుకోవాలనుకున్నాం. కలవకపోతే పాతదే మళ్లీ కొంటాం.